పదిహేను నిమిషాల కోసం పన్నెండు రోజులు

2025 అక్టోబర్ 16, గురువారం నాడు లండన్‌లో ఉన్న మా చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్, అంటే సీఓఓ గారి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌కి నేను పంపిన మొదటి మెయిల్ సబ్జెక్ట్ ‘రిక్వెస్ట్ ఫర్ ఎ క్విక్ కనెక్ట్’. ఇప్పుడు చూస్తే నాకే నవ్వొస్తుంది. ఆ ముక్క చదివితే ఎవరు ఎవరితో దేని గురించి ఎంతసేపు మాట్లాడతారో ఒక్కటీ తెలియదు. అప్పుడు మాత్రం చాలా మర్యాదగా రాశాననే అనుకున్నాను.

నేను గచ్చిబౌలిలో ఒక బీమా కంపెనీ టెక్నాలజీ ఆఫీసులో మేనేజర్‌ని. హెడ్ ఆఫీసు లండన్‌లో. క్లెయిమ్‌లు చూసే పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మొత్తం డేటా మార్చే పని మా టీమ్‌ది. నవంబర్ 15, 16 వీకెండ్‌లో ఆ మార్పు జరగాలి. శుక్రవారం రాత్రి 8కి మొదలెట్టి ఆదివారం పొద్దున 8కల్లా, అంటే 36 గంటల్లో, డేటా మొత్తం అటు చేరిపోవాలన్నది ప్లాను. ముందుగా ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూస్తే 41 గంటలు పట్టింది. ఆ తర్వాత చేసే తనిఖీలకి ఇంకో 22 గంటలు. లెక్క వేస్తే సోమవారం పొద్దున 8కి తెరవాల్సిన కాల్ సెంటర్ 11 దాకా తెరుచుకోదు. చిన్న చిన్న అవాంతరాలకి కాస్త చోటు వదిలితే మధ్యాహ్నం 1.

దీనికి దారులు రెండే. సోమవారం సగం రోజు కాల్ సెంటర్ మూసేసి అదే వీకెండ్‌లో కానివ్వడం ఒకటి. జనవరికి వాయిదా వేసి, పాత సిస్టమ్‌కి ఇంకో రెండు నెలల అద్దె కట్టడం రెండోది. కాల్ సెంటర్ మూసే అధికారం మాకెవరికీ లేదు. ఆపరేషన్స్ హెడ్‌ని అడిగితే, ‘మొదటిదే మేలు, కానీ సీఓఓ ఊ అనాలి. అక్టోబర్ ఆఖరి వారం పిల్లలకి హాఫ్ టర్మ్ సెలవులు, నేను ఉండను. మీరే వెళ్ళి చెప్పండి’ అన్నారు. గడువు కూడా గట్టిదే. కస్టమర్లకి పద్నాలుగు రోజుల ముందు తెలియజేస్తామని ఒప్పుకున్నాం. నవంబర్ 17 సోమవారం మూస్తే నవంబర్ 3కల్లా ఉత్తరాలు వెళ్ళాలి. కాబట్టి నిర్ణయం అక్టోబర్ 31 శుక్రవారంలోపు కావాలి.

ఇక్కడ మీకు నాలుగు ముక్కల్లో చెప్పేశాను కదా. మొదటి మెయిల్లో ఈ నాలుగు ముక్కల్లో ఒక్కటీ లేదు.

ఏముందంటే, ‘ఈ మెయిల్ మిమ్మల్ని క్షేమంగా చేరుతుందని ఆశిస్తున్నాను’ అని మొదలు. తర్వాత నేనెవరో, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నానో ఒక పేరా. తర్వాత ప్రోగ్రామ్ చరిత్ర రెండు పేరాలు. ఆపైన ‘సార్‌తో కొన్ని ముఖ్యమైన విషయాలు చర్చించి వారి అమూల్యమైన మార్గదర్శనం పొందాలని’ ఒక వాక్యం. ‘మీకు వీలైన ఏ సమయమైనా పర్లేదు’ అని ఇంకోటి. చివర మన దేశానికే చెల్లిన ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’. ‘ఏ సమయమైనా పర్లేదు’ అనడం వినయం అనుకున్నాను. అవతలి మనిషికి అదెంత పనిభారమో, అంతకంటే ముఖ్యంగా ‘దీనికి తొందరేమీ లేదు’ అని నేనే చెప్పినట్టు అవుతుందని తట్టలేదు.

శుక్రవారం జవాబు లేదు. శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం 20న దీపావళి. దీపాలు పెడుతూ పెడుతూ ఫోన్లోంచే ‘జెంటిల్ రిమైండర్’ కొట్టాను. మంగళవారం మధ్యాహ్నం ఆవిడ దగ్గర్నుంచి మూడు వాక్యాలు వచ్చాయి. సీఓఓ నవంబర్ 12 దాకా పూర్తిగా బిజీ. ఆ తర్వాత అరగంట చూడగలను. ఈలోపు ఇది ఆపరేషన్స్ హెడ్‌తో తేలే విషయమేమో కనుక్కోగలరా?

కోపం వచ్చింది. ‘ఈవిడ అడ్డం పడుతోంది’ అనుకున్నాను. మా డైరెక్టర్ దగ్గరికెళ్ళి అదే మాట అంటే ఆయన మెయిల్ చదివి, ‘ఇందులో నవంబర్ 12 ఆలస్యం అవుతుందని ఎక్కడ రాశారు?’ అని అడిగారు. రాయలేదు.

ఆ రాత్రి పిన్నికి ఫోన్ చేశాను, దీపావళికి రాలేకపోయానని చెప్పడానికి. పిన్ని ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో జనరల్ మేనేజర్‌కి పి.ఏ.గా చేసి రిటైరైంది. షార్ట్‌హ్యాండ్, టైపు కాలం నుంచి కంప్యూటర్ల దాకా చూసింది. జీఎంలు ఐదుగురు మారారు, పిన్ని మారలేదు. నా గోడు విని, ‘ఆ ఉత్తరం చదువు’ అంది. మెయిల్ అన్నా వినదు, ఉత్తరమే. చదివాను. రెండో పేరాలోనే ఆపేసింది.

‘ఏమే, నేను మా సార్‌ని ఎప్పుడు అడిగేదాన్నో తెలుసా? ఆయన ఈ గదిలోంచి ఆ గదిలోకి నడిచేటప్పుడు. లేకపోతే సంతకాల ఫైలు ముందు పెట్టి పేజీలు తిప్పేటప్పుడు. ఫలానా ఆవిడ కలవాలంటున్నారు సార్ అంటే, దేనికి అంటారు. అప్పుడు నేను నోటితో చెప్పే ఒక్క ముక్క ఉంటుంది చూడు, దాన్ని బట్టే ఉంటుంది అంతా. ఆ ముక్క నీ ఉత్తరంలో ఎక్కడుంది?’

వెతికాను. లేదు.

‘లేకపోతే ఆవిడ ఏం చేస్తుంది? నీ రెండు పేజీలూ చదివి, మీ కంప్యూటర్ గొడవంతా అర్థం చేసుకుని, తనే ఆ ముక్క తయారు చెయ్యాలా? చెయ్యదు. ఒకవేళ తప్పుగా చెబితే మాట పడేది ఆవిడ. అందుకని ఎవరికీ నష్టం లేని పని చేసింది. ఖాళీ ఉన్న చోటికి నెట్టింది. నేనైనా అంతే చేసేదాన్ని.’

నేను ఇన్నాళ్ళూ ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌ని, అంటే ఈఏని, తలుపు దగ్గర కాపలా మనిషిలా ఊహించుకున్నాను. పిన్ని మాటల్లో చూస్తే ఆవిడ నా తరఫున ఒక్క వాక్యం మాట్లాడబోయే మనిషి. ఆ వాక్యం నేను ఆవిడ చేతికి ఇవ్వలేదు. మెయిల్ మొత్తం ఆవిడ తల మీదుగా సీఓఓ గారికి రాసినట్టు రాశాను. ఆయనకి నచ్చాల్సిన మాటలన్నీ ఉన్నాయి, ఆవిడకి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

పిన్ని ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ డైరీలో కొన్ని పెన్సిల్‌తో రాసేవి, కొన్ని పెన్నుతో. కుదురుతుందో లేదో తెలియనివి పెన్సిల్. ‘పెన్నుతో రాసినవాటిని కదపాలంటే నాకు కారణం కావాలి. నీ పని ఏ తారీకు దాటితే చెడిపోతుందో చెప్పావనుకో, దాన్ని పట్టుకుని ఇంకొకళ్ళని పక్కకి జరపమని సార్‌ని అడగగలను. అర్జెంటు అని రాస్తే మాత్రం పట్టించుకోను. అందరూ అర్జెంటనే రాస్తారు.’

బుధవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళకముందే రెండో మెయిల్ రాసి పిన్నికి వినిపించాను. మొదట సబ్జెక్ట్ దగ్గరే పేచీ. ‘నిర్ణయం కావాలి’ అని నేరుగా రాస్తే పొగరుగా ఉంటుందేమోనని నా భయం. ‘నిర్ణయం కావాలంటే నిర్ణయం కావాలనే రాయి, మార్గదర్శనం అంటావేం, ఆయనేమన్నా స్వామీజీనా’ అంది. చివరికి తేలిన మెయిల్ ఇది. అసలుది ఇంగ్లీషులో ఉంది, దాన్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

సబ్జెక్ట్: సీఓఓ గారితో 15 నిమిషాలు, అక్టోబర్ 31లోపు: నవంబర్ 17న కాల్ సెంటర్ వేళలపై నిర్ణయం

‘నమస్కారం. నా మొదటి మెయిల్లో విషయం స్పష్టంగా రాయలేదు, క్షమించండి.

నవంబర్ 17 సోమవారం కాల్ సెంటర్‌ని 8కి బదులు మధ్యాహ్నం 1కి తెరవడానికి ఒప్పుకుంటారా, లేక క్లెయిమ్స్ సిస్టమ్ మార్పుని జనవరికి వాయిదా వేస్తారా అన్నది సీఓఓ గారు తేల్చాలి.

కస్టమర్లకి ఉత్తరాలు నవంబర్ 3న వెళ్ళాలి కాబట్టి అక్టోబర్ 31 దాటితే మొదటి దారి మూసుకుపోతుంది, వాయిదా ఒక్కటే మిగులుతుంది. ఆపరేషన్స్ హెడ్ మొదటి దారికి సుముఖంగా ఉన్నారు, కానీ ఇది సీఓఓ నిర్ణయమని చెప్పారు. వచ్చే వారం ఆపరేషన్స్ హెడ్ సెలవులో ఉంటారు. వారినీ, మా డైరెక్టర్‌నీ కాపీలో పెట్టాను.

నేను ఒక్కదాన్నే మాట్లాడతాను. 15 నిమిషాలు చాలు. అక్టోబర్ 28, 29, 30 తేదీల్లో లండన్ టైమ్ పొద్దున 8 నుంచి 11 మధ్య (మాకు 12:30 నుంచి 3:30) ఎప్పుడైనా సరే. మిగతా వేళల్లో కూడా కావాలంటే సర్దుకుంటాను.

ఒక పేజీ నోట్ ముందు రోజు మధ్యాహ్నానికి మీకు పంపుతాను. మీటింగ్ కుదరకపోతే, ఆ నోట్ చూసి రెండిట్లో ఏదో ఒకటి అని మెయిల్లో జవాబిచ్చినా మాకు సరిపోతుంది.’

ఇంతే. కింద నా పేరు, ఉద్యోగం, +91తో మొబైల్ నంబర్.

ఇందులో నాకు ఒక పట్టాన మింగుడుపడనిది ఆఖరి వాక్యం. ‘మెయిల్లో చెప్పినా చాలు’ అని నేనే అంటే ఇంక మీటింగ్ ఎందుకిస్తారు? పిన్నితో పది నిమిషాలు వాదించాను. ‘నీకు కావాల్సింది మీటింగా, ఆ సంతకమా?’ అంది. సంతకమే, ఒప్పుకుంటాను. కానీ నిజం చెప్పాలంటే ఆయనతో ఒకసారి మాట్లాడాలని, ఆయన నా మొహం గుర్తుపెట్టుకోవాలని నాకు లోపల కాస్త ఉంది. అది ఉండటం తప్పు కాదు గానీ, దానికోసం వేరొకరి డైరీలో చోటు అడగడం కుదరదని ఆ వాక్యం రాశాకే తెలిసింది. ఆ వాక్యం వల్ల నాకు దెబ్బ తగల్లేదు సరికదా, మేలే జరిగింది. అది తర్వాత చెబుతాను.

‘ఆపరేషన్స్ హెడ్ సుముఖంగా ఉన్నారు’ అన్న వాక్యం రాయమన్నది మా డైరెక్టర్. మధ్యలో ఉన్న పెద్దలని దాటి పైకి వెళ్తున్నట్టు కనిపిస్తే ఈఏ ముందు వాళ్ళనే అడుగుతుంది. అది ఆవిడ ధర్మం. ఆవిడ అడగడం, వాళ్ళు తీరిగ్గా జవాబివ్వడం, ఈలోపు రెండు రోజులు పోవడం. అదంతా ఒక్క వాక్యంతో, కాపీలో రెండు పేర్లతో తప్పుతుంది. కాపీలో పెట్టేముందు వాళ్ళిద్దరికీ ఒక మాట చెప్పాననుకోండి. చెప్పకుండా పెడితే కథ వేరేగా ఉండేది.

బుధవారం మధ్యాహ్నం పంపాను. గురువారం మనం భోజనాలు చేసే వేళకి జవాబు వచ్చింది. మొదటి మెయిల్‌కి ఐదు రోజులు, దీనికి ఒక్క రోజు. కానీ జవాబులో మొదటి లైను చూడగానే చెవులు వేడెక్కాయి.

‘థాంక్యూ, ఇప్పుడు అర్థమైంది. ఒక్క సందేహం. లండన్ 8 అంటే మీకు 12:30 అని రాశారు. 26 ఆదివారం మా గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. మీరు చెప్పింది లండన్ 8 గంటలా, మీ పన్నెండున్నరా?’

బ్రిటన్‌లో ఎండాకాలపు టైము అక్టోబర్ ఆఖరి ఆదివారంతో అయిపోతుంది. అప్పటిదాకా మనకీ వాళ్ళకీ తేడా నాలుగున్నర గంటలు, ఆ రోజు నుంచి ఐదున్నర. మన గడియారం ఏడాది పొడుగునా కదలదు కాబట్టి మనకి గుర్తుండదు. ఎన్నో ఏళ్ళుగా లండన్ వాళ్ళతో పనిచేస్తున్నాను, ప్రతి ఏడాదీ ఆ సోమవారం ఒక మీటింగ్‌కి గంట ముందు వెళ్ళి కూర్చుంటాను, అయినా రాసేటప్పుడు ఆ రోజున్న తేడానే లెక్కేశాను. క్యాలెండర్ ఇన్వైట్ అయితే తేదీని బట్టి అదే సర్దుకుంటుంది. మెయిల్లో మనం చేత్తో రాసిన టైములే ముంచుతాయి. ఆవిడ నా బ్రాకెట్‌లో ఉన్న మన టైము పట్టుకుని స్లాట్ పెట్టి ఉంటే లండన్‌లో అది పొద్దున ఏడు. అప్పటినుంచి ఇలాంటి మెయిల్లో ఒకే టైము రాస్తున్నాను, అది కూడా అవతలివాళ్ళ టైము, పక్కన తేదీ. మార్పిడి లెక్క నా తిప్పలు, ఆవిడవి కావు.

లండన్ టైమే ఖాయమని, తప్పు నాదని వెంటనే జవాబిచ్చాను. గంటలో రెండు స్లాట్లు పెట్టింది. మంగళవారం 28న లండన్ టైమ్ 9:30. అది ఖాయం. గురువారం 30న 10:45. ఇది మొదటిది తప్పితే వాడుకోవడానికి. పిన్ని భాషలో ఒకటి పెన్ను, ఒకటి పెన్సిల్. ఇన్వైట్ ఆవిడే పంపింది. నేను పంపుదామని అప్పటికే డ్రాఫ్ట్ చేసి పెట్టుకున్నాను, పంపకపోవడం మంచిదైంది. ఎందుకంటే నా డ్రాఫ్ట్ టైటిల్ ‘మైగ్రేషన్ టెస్ట్ ఫెయిల్యూర్, నిర్ణయం’. ఆయన క్యాలెండర్‌ని తెరిచి చూడగలిగేవాళ్ళు ఆఫీసులో చాలామంది ఉంటారు. ఆ టైటిల్ చూసి పది ఊహలు బయల్దేరేవి. ఆవిడ పంపినదాని టైటిల్ ‘క్లెయిమ్స్ అప్‌డేట్’. అంతే, చూసినవాళ్ళెవరికీ ఏమీ అనిపించదు.

సోమవారం మధ్యాహ్నం నోట్ పంపాలి. నోట్ తయారుచేయడం పెద్ద పనేం కాదు, విషయం అప్పటికే నాలుగు ముక్కలైపోయింది. పంపడంలోనే మళ్ళీ పొరపాటు చేయబోయాను. మా దగ్గర ఫైళ్ళన్నీ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి, లింకు పంపడం అలవాటు. ఆ ఫోల్డర్ మా టీమ్‌కే తెరుచుకుంటుంది. ఆయన కారులో కూర్చుని ఫోన్లో లింకు నొక్కితే ‘అనుమతి కోరండి’ అని వస్తుంది, ఆ అనుమతి అభ్యర్థన నాకు వస్తుంది, అప్పటికి నేను నిద్రలో ఉంటాను. మా టీమ్‌లో కుర్రాడొకడు ఈ మాట అనకపోతే లింకే పంపేదాన్ని. నోట్ మొత్తం మెయిల్లోనే అతికించి, కింద పీడీఎఫ్ కూడా జోడించాను. ఆవిడ ‘ప్రింట్ తీసి రేపటి ఫోల్డర్‌లో పెట్టాను’ అని రాసింది. అంటే ఆయన పొద్దున కాగితం మీద చదువుతారు. ఫాంటు కొంచెం పెద్దది పెట్టి ఉండాల్సింది అనిపించింది, కానీ అప్పటికే వెళ్ళిపోయింది.

మంగళవారం. మీటింగ్ మనకి మధ్యాహ్నం 3కి. ఒంటిగంటకే మీటింగ్ రూమ్‌లో చేరి, స్లైడ్ తెరిచి, కెమెరాలో వెనక గోడ సరిగ్గా కనిపిస్తోందా అని చూసుకుంటూ కూర్చున్నాను. 2:05కి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్. ఆయన ప్రోగ్రామ్ మారింది, 9:30కి వేరేచోట ఉండాలి. 8:50కి కారులో ఉంటారు, పది నిమిషాలు దొరుకుతాయి, మీ మొబైల్‌కే చేస్తారు, పర్లేదా? పర్లేదంటే ఇప్పుడే చెప్పండి.

8:50 అంటే మనకి 2:20. పదిహేను నిమిషాల్లో. పర్లేదు అని కొట్టాను. నంబర్ మెయిల్ కింద +91తో సహా ఉంది కాబట్టి ఆవిడ అడగనక్కర్లేదు, నేను చెప్పనక్కర్లేదు. ఆ నంబరే లేకపోయి ఉంటే అది గురువారం పెన్సిల్ మీదికి జరిగేది, గురువారం ఏమయ్యేదో దేవుడికెరుక.

స్లైడ్ ఇంక పనికిరాదు. కారులో ఉన్న మనిషికి బొమ్మలు చూపించలేం. కాగితం మీద మూడు గీతలు గీసుకున్నాను: ఏం తేల్చాలి, ఎందుకు ఇప్పుడే, మేం ఏది మేలనుకుంటున్నాం. 2:22కి ఫోన్ మోగింది.

ఆయన హలో తర్వాత అన్న మొదటి మాట, ‘కాల్ సెంటర్ సగం రోజు మూయాలంటున్నారు, అంతేగా?’ నేను ఈఏకి రాసిన వాక్యమే, కాస్త కురచగా. ఆవిడ నోటితో ఆయనకి చేరిన ముక్క అదే అయ్యుండాలి. నేను ఉపోద్ఘాతం చెప్పాల్సిన పని లేకపోయింది.

నోట్ చదివారు. రెండు ప్రశ్నలడిగారు. మధ్యాహ్నం 1కి కూడా తెరవలేకపోతే ఎప్పటికి తెలుస్తుంది? ఆదివారం రాత్రి 8కల్లా తనిఖీలు ఎంతవరకు వచ్చాయో చూస్తే తెలిసిపోతుంది, అప్పటికి వెనకబడితే పాత సిస్టమ్‌కే తిరిగి వెళ్తాం అన్నాను. రెండోది నేను అనుకోనిది. సోమవారమే ఎందుకు, ప్రమాదాల క్లెయిములు ఎక్కువ వచ్చేది సోమవారం పొద్దునే కదా, వాటి ఒక్కదానికీ ఫోన్ లైను తెరిచి ఉంచి కాగితం మీద రాసుకోలేరా? తెలియదు సార్, ఈ రోజు సాయంత్రంలోపు కనుక్కుని చెబుతాను అన్నాను. తెలియనిది తెలుసన్నట్టు మాట్లాడి ఉంటే అక్కడే దొరికిపోయేదాన్ని. ‘అది కుదిరితే మొదటి దారే వెళ్ళండి. కుదరకపోతే జనవరి’ అన్నారు. వెనక కారు తలుపు చప్పుడు. తొమ్మిది నిమిషాలు.

కాల్ సెంటర్ వాళ్ళని పట్టుకుంటే, ఆ లైను ఒక్కటీ ఆరుగురితో నడపొచ్చని, వివరాలు ఫారాల మీద రాసుకుని మధ్యాహ్నం సిస్టమ్‌లో ఎక్కించొచ్చని సాయంత్రం ఆరుకల్లా తేలింది. ఆయనకి నేరుగా కాకుండా ఈఏకి రాశాను, కాపీలో ఆపరేషన్స్ హెడ్, డైరెక్టర్. రెండు లైన్లు. ‘ప్రమాదాల లైను 8 నుంచే నడుస్తుంది, మిగతావి 1కి తెరుచుకుంటాయి. సీఓఓ గారు చెప్పినట్టు మొదటి దారే వెళ్తున్నాం, ఉత్తరాలు నవంబర్ 3న పంపుతున్నాం.’ ఆయన మెయిల్ ఆవిడ కూడా చూస్తుంది కాబట్టి ఎక్కడికి పంపినా ఒకటే అనుకోవచ్చు. కానీ ఆవిడ చేతికిస్తే ఏ పని ఎక్కడ ముగిసిందో ఆవిడకి తెలుస్తుంది, ఆయనకి ఎప్పుడు చెప్పాలో ఆవిడే చూసుకుంటుంది.

కృతజ్ఞతలు చెబుతూ వేరే మెయిల్ రాసినప్పుడు నేను ఇంకో విషయం అడిగాను. మెయిల్లో జవాబిచ్చినా చాలన్నాను కదా, మరి ఎందుకు ఫోన్ ఇప్పించారు? ఆవిడ జవాబు సరదాగా ఉంది. ‘ఆ వాక్యం చూశాక ఆయన్ని మెయిల్‌లోనే తేల్చేయమని అడిగాను. ఆయన నోట్ చదివి, ఒక ప్రశ్న ఉంది, మాట్లాడతాను అన్నారు. తను కావాలనుకున్న మీటింగ్ కాబట్టి ప్రోగ్రామ్ మారినప్పుడు రద్దు చేయకుండా కారులో పెట్టుకుందామన్నారు.’

రాత్రి పిన్నికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కారు సంగతి విని, ‘మా సార్ అయితే లిఫ్టులో వినేవారు, రెండంతస్తులే, అందులోనే తేల్చేసేవారు’ అని నవ్వింది. తర్వాత ఠక్కున, ‘ఆ గురువారంది చెరిపించావా?’ అని అడిగింది.

ఏ గురువారం?

‘పెన్సిల్‌తో రాసి పెట్టింది కదే ఆవిడ. పని అయిపోయాక అది అక్కర్లేదని ఒక్కళ్ళు చెప్పరు. నేనే రోజూ సాయంత్రం డైరీ ముందేసుకుని ఇది ఉందా పోయిందా అని అందరికీ ఫోన్లు చేసేదాన్ని.’

ఫోన్ పెట్టేసి, గురువారం 10:45 స్లాట్ ఇంక అవసరం లేదు, తీసేయండి అని ఒక లైను రాసి పంపాను. లండన్‌లో అప్పటికి సాయంత్రం ఐదు దాటింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. ‘థాంక్యూ. దానికోసం ఒకాయన వారం రోజులుగా చూస్తున్నారు, ఇచ్చేశాను.’